తప్పైంది, కానీ ఎవరితోని?

కొన్ని మాటలు సంగతి చెప్పవు, పని చేస్తాయి. "వాన పడుతున్నది" అంటే బయటికి చూసి నిజమో అబద్ధమో తేల్చుకోవచ్చు. "రేపు పొద్దుగాల నాగలి కట్టనీకి వస్త" అన్నా, "ఇంకోసారి ఇటు దిక్కు కనబడితే మంచిగుండదు" అన్నా, "తప్పైంది" అన్నా అట్ల తేల్చేదేమీ ఉండదు. మొదటిది మాట ఇచ్చుడు, రెండోది బెదిరించుడు, మూడోది తప్పు ఒప్పుకునుడు. నోరు తెరిచి అనుడే ఆ పని చేసుడు. భాషాశాస్త్రంలో వీటిని భాషణ చర్యలంటున్నారు. ఇంగ్లండ్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ఈ సంగతి మీద 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన చనిపోయాక 1962లో పుస్తకంగా వచ్చాయి. అమెరికాలో జాన్ సెర్ల్ 1969లో ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోయి, ఒక మాట వాగ్దానం కావాలంటే ఏమేమి ఉండాలో షరతులు రాసిండు.

ఆస్టిన్ ఎత్తుకున్న ఉదాహరణలు చాలా వరకు "నేను"తోనే మొదలవుతాయి. నేను వాగ్దానం చేస్తున్నాను, నేను హెచ్చరిస్తున్నాను, నేను క్షమాపణ చెప్తున్నాను అనే తీరు. చెప్పేవాడు ఒకడున్నాడు, వాడు తన ఇష్టంతో చెప్తున్నాడు, ఆ మాటకు వాడే జవాబుదారీ అన్నది అందులో ముందే ఒప్పుకున్న విషయం. మా ఇండ్లల్ల నుంచి యూనివర్సిటీ దాకా వచ్చి ఈ పుస్తకాలు చదివిన మాకు మొదట తట్టిన ప్రశ్న ఒకటే. నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల ఒక జీతగాడు దొరతోని మాట్లాడినప్పుడు ఆ "నేను" ఎక్కడుంటది? దొర మాట్లాడినప్పుడు ఎక్కడుంటది? ఈ వ్యాసమంతా ఆ "నేను"ను వెతుకుడే.

ముందు తెలుగు కట్టుబడి గురించి కొంచెం చెప్పుకోవాలె. ఇంగ్లీషులో "నేను" విడిగా నిలబడుతుంది. మన భాషలో అది క్రియ తోకలో దాక్కుంటుంది. మన వైపు "వస్త" అంటే వచ్చేది నేనే, "వస్తవు" అంటే నువ్వు, "వస్తడు" అంటే వాడు. "నేను" అని నోటితో అనకున్నా కర్త ఎవరో తెలుస్తుంది. కానీ "అయ్యింది", "జరిగింది", "ఉండదు" వంటి క్రియలు పెడితే మనిషి మాయమైపోతాడు. "తప్పు జేసిన" అంటే చేసింది నేను. "తప్పైంది" అంటే తప్పు తనంతట తానే అయ్యింది, వాన పడ్డట్టు, పొద్దు గూకినట్టు. ఈ రెంటికీ నడుమ "నాతోని తప్పైంది" అని ఇంకో మెట్టున్నది. అందులో మనిషి కనబడతాడు గానీ పక్కకు జరిగి నిలబడతాడు.

దీన్ని తెలుగు గుణం అనుకునేరు. కాదు. ఉర్దూలో "గల్తీ హోగయీ" అంటారు, అదే అచ్చు. మక్తల్, నారాయణపేట దిక్కు ఇండ్లల్ల కన్నడ వినబడుతుంది, అందులో "తప్పాయ్తు" అంటారు, అదీ అదే అచ్చు. జపాన్ వాళ్ళు క్షమాపణకు ఎక్కువగా వాడే "సుమిమాసెన్" అన్న మాటకు "తీరదు, ముగియదు" అని అర్థం. అంటే నీ బాకీ ఇంకా తీరలేదని. అందులోనూ "నేను" లేదు, బాకీ మాత్రం ఉన్నది. ఇక పుస్తకాల తెలుగులో "క్షమాపణ కోరుతున్నాను" అని ఒకటున్నది గదా, అది పత్రికల్లో, సభల్లో తప్ప ఊర్లల్ల మేం వినలేదు. "క్షమించు", "మాఫ్ జెయ్యి" అన్నవి నిజానికి ఎదుటివానికి పెట్టే అర్జీలు. పని చేయాల్సింది ఎదుటివాడు. ఇప్పుడు పిల్లలందరి నోట్లో ఉన్న "సారీ" సంగతి ఇంకో తీరు. ఇంగ్లీషులో "నేను బాధపడుతున్నాను" అనే వాక్యం నుంచి అది వచ్చింది. మన దగ్గరికొచ్చేసరికి "నేను" రాలిపోయి ఒట్టి మాటే మిగిలింది. బస్సులో కాలు తొక్కితే సారీ, బాయిలో పడేస్తే సారీ.

కాబట్టి కర్త లేని "తప్పైంది"ని దొర ఒక్కడే వాడడు, జీతగాడూ వాడతాడు, తల్లీ వాడుతుంది. వ్యాకరణం అందరికీ ఒకటే. తేడా దాని చుట్టూ ఏమేమి చెప్పనిస్తారు అన్నదాంట్లో ఉన్నది.

1980లల్లో షోషనా బ్లమ్-కుల్కా, ఎలీట్ ఓల్‌ష్‌టైన్ వంటివాళ్ళు ఇంగ్లీషు, హీబ్రూ, జర్మన్ మొదలైన భాషల్లో క్షమాపణ ఎట్ల చెప్తారో పోల్చి చూశారు. వాళ్ళ లెక్కలో క్షమాపణకు ఐదు భాగాలుండొచ్చు. మొదటిది క్షమించమనే మాట. తర్వాత తప్పు నాదేనని ఒప్పుకునుడు, ఎందుకు జరిగిందో చెప్పుకునుడు, నష్టం కట్టిస్తాననుడు, ఇంకోసారి చేయననుడు. ఐదూ ఉండాలని లేదు. ఏ భాషలో, ఎవరి ముందర, ఏ తప్పుకు ఏవి వాడతారన్నదే వాళ్ళ ప్రశ్న. ఈ ఐదింటినీ మన ఊర్ల మాటకు పెట్టి చూద్దాం.

ఒక జీతగాని ఎడ్లు పక్క చేన్ల పడి మేసినయి అనుకుందాం. చేను తన వాడకట్టుల ఉండే వదినదైతే అతను ఇట్లంటాడు: "ఏమనుకోకు వదినా, నీళ్ళు తాగొద్దామని బాయి కాడికి పోయిన, అంతల్నె పడ్డయి. ఎంత పోయిందో చూడు, వడ్లు కొలిచిస్త. రేపటిసంది కట్టేసే పోత." ఇందులో ఐదు భాగాలూ దొరుకుతాయి. పోయిన, ఇస్త, పోత అని ప్రతి క్రియ తోకలో "నేను" ఉన్నది. కారణం చెప్పుకున్నాడు, నష్టం లెక్క మాట్లాడిండు. వదిన తిట్టొచ్చు, బేరమాడొచ్చు, పోనీలే అనొచ్చు.

అదే చేను దొరదైతే? "బాంచన్ దొరా, కాల్మొక్త, తప్పైంది." అంతే. ఈ మాటను విడదీసి చూడాలె. బానిస అన్న మాటే వాడుకలో "బాంచ" అయ్యిందంటారు. దాని చివర ఉన్న "న్" నేను అనే గుర్తు, "పేదవాణ్ని", "ఆడదాన్ని" అన్నప్పుడు చివర వచ్చేదే. "కాల్మొక్త" అంటే కాలు మొక్కుతాను, "త"లో మళ్ళీ నేను. ఆస్టిన్ వెతికిన అచ్చమైన చేతల మాట ఇది. నోటితో అనుడు, వంగి మొక్కుడు ఒకటే. చూడండి, ఈ వాక్యంల "నేను" రెండు చోట్ల ఉన్నది, బానిసను అన్న చోట, మొక్కుత అన్న చోట. ఎడ్లు ఎట్ల పడ్డయో చెప్పే చోటు లేదు, ఎంత కట్టిస్తాడో చెప్పే చోటూ లేదు. కారణం చెప్తే అది "ఎదురు మాట్లాడుడు" అయితది. నష్టం లెక్క తీస్తే దొరతోని సమానంగా బేరం కూసున్నట్టయితది. ఐదు భాగాల్లో నడిమి ముక్కలను కోసేసి, వాటి జాగల బానిసతనాన్ని పెట్టిన్రు. ఏ తప్పూ చేయకున్నా, దొర ఎదురుపడితే చాలు, ఈ మాట అనాల్సిందే. అందుకే దీన్ని క్షమాపణ అని తర్జుమా చేయడం మాకు ఒప్పుదల కాదు. క్షమాపణ ఒక తప్పు గురించి ఉంటది. ఇది మనిషి గురించి ఉంటది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్పేవాళ్ళు, బాంచన్ కాల్మొక్త అన్నవాళ్ళే బందూకులు పట్టిన్రని చెప్తారు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలనే ఉండె. ఒక భాషణ చర్య పేరుతోనే ఒక కాలాన్ని గుర్తుపెట్టుకున్న ప్రాంతం ఇది.

ఇక దొర వైపు నుంచి చూద్దాం. దొర గొర్లు జీతగాని కుంట భూమిల పడితే, లేదా దొర కోపంల చెయ్యి చేసుకుంటే ఏమంటాడు? అసలు అనకపోవుడే ఎక్కువ. అంటే గింటే, "అయ్యిందేదో అయ్యింది తీయ్", "ఏదో కోపంల నోరు జారింది, మనసుల పెట్టుకోకు." నోరు జారింది, అంటే జారింది నోరు, తను కాదు. ఆఖరికి పని కూడా ఎదుటివానికే అప్పజెప్పిండు, మనసుల పెట్టుకోకుండ ఉండాల్సింది వాడు. తిట్టు తిన్నవాని మీదనే ఇంకో బాధ్యత పడ్డది.

బ్లమ్-కుల్కా వాళ్ళు హోదా తేడాను లెక్కలోకి తీసుకున్నారు, అది నిజం. కానీ వాళ్ళు వాడిన పద్ధతిల ఒక సన్నివేశం రాసి, ఖాళీ పెట్టి, ఇక్కడ మీరేమంటారని విద్యార్థులను అడిగేవాళ్ళు. మన దగ్గర ఆ ఖాళీ నిండదు. కారణం చెప్పే హక్కు లేనివాడు ఆ ఖాళీల ఏం రాయాలె? చెప్పనియ్యని మాటను లెక్కపెట్టే పద్ధతి ఆ సర్వేలల్ల లేదు.

హెచ్చరిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, కట్టుబడి అదే. "మంచిగుండదు బిడ్డా" అన్నప్పుడు ఏం మంచిగుండదో, ఎవరు మంచిగుండనియ్యరో వాక్యంల లేదు. పోలీస్ స్టేషన్ల "నేనేమన్న? వాని మంచికే చెప్పిన" అని తప్పించుకోనీకి జాగ ఉన్నది. మాదిగ డప్పు పట్టి ఊర్లె చాటింపు వేసేకాడ అయితే "నేను" ఇంకా దూరం జరిగింది. నోరు మాదిగది, హుకుం పటేలుది. "ఫలానా పని చేస్తే జుర్మానా" అని చాటేవానికి ఆ హుకుంతో సంబంధం లేదు, దాన్ని మోసుడే వాని పని. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమానికి దండోరా అన్న పేరు పడటంల ఉన్న బలం ఇక్కడ తెలుస్తది. ఇప్పుడు డప్పు ఎవరిదో మాటా వాళ్ళదే.

వాగ్దానం సంగతికొస్తే కథ తిరగబడుతుంది. క్షమాపణల దొర "నేను" మాయమైతే, వాగ్దానంల జీతగాడు అనని "నేను"ను కూడా వాని నెత్తిన పెట్టిన్రు.

సెర్ల్ లెక్క ప్రకారం వాగ్దానం కావాలంటే మనిషి నోటితో చెప్పాలె, చేసే ఉద్దేశం ఉండాలె, చేయక తప్పదని తనకు తానే ఒప్పుకోవాలె. ఫిలిప్పీన్స్‌లోని ఇలోంగొట్ల మధ్య ఉండి వచ్చిన మిషెల్ రొజాల్డో 1982లో దీనికి జవాబు రాసింది. ఆ జనం మాట తీరులో వాగ్దానానికి మనం అనుకునేంత పెద్దపీట లేదనీ, సెర్ల్ చెప్పేది తన సమాజంలోని ఒంటరి మనిషి కథనీ ఆమె వాదన. మేం దీంతో చాలా వరకు ఏకీభవిస్తాం. కానీ మన ఊర్లకు ఆమె వాదన కూడా సరిపోదు. ఇక్కడ వాగ్దానం లేకపోవుడు కాదు, చెప్పినవాడు లేకుండా వాగ్దానం ఉండుడు.

ఇది మా ఊహ కాదు, చట్టంలోనే రాసి ఉన్నది. 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం "ఒప్పందం" అంటే ఏమిటో చెప్తూ, అది రాతలో ఉండొచ్చు, నోటి మాటగా ఉండొచ్చు, ఆ ప్రాంతపు ఆచారాన్ని బట్టి ఉన్నట్టు భావించినదైనా కావచ్చునంటుంది. అట్ల ఆచారంతోనే ఒప్పందం ఉన్నట్టు లెక్కించే పద్ధతుల పట్టికల దేశం నలుమూలల పేర్లున్నయి. వాటిల మన భగేలా, జీతం, పాలేరు, వెట్టి కూడా ఉన్నయి. ఇంకో చోట వెట్టికి కారణాలు చెప్తూ తీసుకున్న అప్పును, పెద్దల నుంచి వచ్చిన అప్పును, చివరికి ఒక కులంల పుట్టుడును కూడా చేర్చింది. అంటే ఒక పిల్లగాడు పుట్టుడుతోనే "వస్త, చేస్త" అన్నట్టు లెక్క. వాడు నోరు తెరవలేదు, మాట మాత్రం ఇచ్చేసిండు. నిజాం కాలపు వెట్టి గురించి రాస్తూ పుచ్చలపల్లి సుందరయ్య, ప్రతి దళిత కుటుంబం నుంచి ఒక మనిషి వెట్టికి పోవాల్సి ఉండేదని చెప్పిండు. ఆ మనిషి ఎన్నడు ఒప్పుకున్నాడని ఎవరన్నా అడిగిన్రా?

చట్టం ఇంకో మంచి పని చేసింది. ఇది వెట్టి అప్పు అని కార్మికుడంటే, కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాని మీద పెట్టింది. "వాడు నోటితో మాటిచ్చిండు" అంటే సరిపోదు. పాలమూరు లేబర్‌తో పనిచేసే కార్యకర్తలకు ఇది గుర్తుండాలె. గుంపు మేస్త్రీ చేతిల అడ్వాన్సు పెట్టినప్పుడు తీసుకున్నవాడు "వస్త" అంటాడు. మన భాషల ఆ "వస్త" అలవాటు చెప్పనీకి అదే, రేపటి సంగతి చెప్పనీకి అదే, మాట ఇయ్యనీకి అదే, ఆఖరికి ఇంట్ల నుంచి పోయేటప్పుడు సెలవు తీసుకోనీకి కూడా అదే. దాన్ని వాగ్దానం చేసేది పైసలు. ఏ పని, ఎక్కడ, ఎన్ని నెలలు, రోజుకెంత అన్నది ఆ "వస్త"ల ఏదీ లేదు. మేస్త్రీ అనే "చూసుకుంట తీయ్"ల కూడా లేదు. కానీ ఒకటి అప్పైతది, రెండోది గాలైతది.

భాష కూడా ఈ తేడాను ఒక తీరుగ దాచుకున్నది. ఉర్దూల "వాదా" అంటే వాగ్దానం. అదే మాట "వాయిదా" అయి తెలుగులకు వచ్చింది. మన దగ్గర వాయిదా అంటే గడువు, కిస్తు, చివరికి పనిని వెనక్కి నెట్టుడు. సర్కారు దఫ్తర్ల వాగ్దానం జనం చెవిల ఎట్ల మారిందో ఈ ఒక్క మాటల వినొచ్చు.

ఇప్పుడు ఈ రెండూ ఒకే కాయితం మీద కలిసే చోటు చూద్దాం. ఊర్లె రాజీ పంచాయితీ. ఒక హోటల్ కాడ గ్లాసు దగ్గర లొల్లి అయ్యి, ఒక దళిత యువకుణ్ణి నలుగురి ముందర కులం పేరుతో తిట్టిన్రు అనుకుందాం. పెద్దమనుషులు కూసోబెడతారు. రాసే కాయితం ఇంచుమించు ఇట్లుంటది:

"హోటల్ వద్ద మాటామాటా పెరిగి పొరపాటు జరిగినది. ఇరువర్గాల వారు విచారించుచున్నారు. ఇకమీదట మేము ఎటువంటి కేసులు పెట్టబోమని ఒప్పుకొని సంతకాలు చేయుచున్నాము."

మొదటి వాక్యంల క్రియ "జరిగినది". చేసినోడు లేడు, తిట్టిన మాట లేదు, తిట్టు పడ్డోడు లేడు. రెండో వాక్యంల విచారం ఇద్దరికీ పంచిన్రు, తిట్టు తిన్నవానికి కూడా సగం. మూడో వాక్యానికి వచ్చేసరికి ఒక్కసారిగ కర్త పుట్టుకొచ్చిండు, "మేము పెట్టబోము." కేసు పెట్టే అవసరం ఉన్నది ఒక పక్షానికే కాబట్టి ఆ "మేము" ఎవరో అందరికీ తెలుసు. అటు క్షమాపణకు చెప్పేవాడు లేడు, ఇటు వాగ్దానానికి పేరు పేరున సంతకాలున్నయి.

విచారానికి, క్షమాపణకు నడుమ పేచీ మన ఊర్లదే కాదు. ఆస్ట్రేలియాల ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి గుంజుకున్నందుకు 1999ల ప్రధాని జాన్ హోవార్డ్ పార్లమెంటుల "లోతైన విచారం" అన్న తీర్మానం పెట్టిండు, సారీ అననన్నాడు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ ఆ సారీ అన్నాడు. మాట ఒక్కటే గదా అని అక్కడి ఆదివాసీలు ఊరుకోలేదు.

పైన రాసిన కాయితానికి చట్టంల ఎంత విలువ? 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తర్వాత, జనం చూసే చోట కులం పేరుతో తిట్టుడును విడిగా ఒక నేరంగా పెట్టింది. కాబట్టి ఫిర్యాదుల ఏ మాటతో తిట్టిన్రో అదే మాట, ఏ జాగల, ఎవరు వింటుండగ అన్నది ఉండాలె. "అసభ్యంగా దూషించినాడు" అని నాజూకుగ రాస్తే నేరం రూపమే పోతది. రాజీ కాయితంల "పొరపాటు జరిగినది" అన్న మాట సరిగ్గ ఈ మూడింటినీ చెరిపేస్తది. రేపు కోర్టుల ఎదుటి వకీలు ఆ కాయితమే చూపెట్టి, అప్పుడు కులం మాటే లేదు గదా అని అడగొచ్చు. ఇక "కేసు పెట్టబోము" అన్నదాని సంగతి: డబ్బులిస్తే నేరం కేసు మానుకుంటనన్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను కిందనే ఉదాహరణ ఉన్నది. ఊర్లె రాజీ అయినంత మాత్రాన ఈ చట్టం కింద కేసు దానంతటది మూతబడదు. అయితే 2021ల సుప్రీంకోర్టు, ప్రత్యేక పరిస్థితులల్ల ఇటువంటి కేసును రాజీ మీద కొట్టేసే అధికారం తనకున్నదని చెప్పింది. ఆ రాజీ బలవంతంతో జరగలేదని మరీ జాగ్రత్తగ చూసుకోవాలని కూడా అన్నది. కాబట్టి కాయితంల ఏం రాసిన్రన్నది వట్టిగ పోదు.

కొందరు బాధితులు కేసు కన్నా ముందు క్షమాపణనే కోరుకుంటారు, అది వాళ్ళ ఇష్టం. అట్ల కోరుకున్నప్పుడు కాయితం ఇట్ల రాయించొచ్చు: "ఫలానా నేను, ఫలానా తారీకున, హోటల్ ముందర, ఇంతమంది వింటుండగ, ఫలానావారిని ఫలానా కులం మాటతో తిట్టిన. ఆ తప్పు నాది. తిట్టిన జాగల్నె నిలబడి చెప్తున్న." దీంట్ల "జరిగినది" లేదు, "ఇరువర్గాలు" లేవు. కులపంచాయితీలల్ల తప్పు కట్టుడు అన్న మాట మనకు ఎట్లాగూ ఉన్నది, ఆ తప్పుకు జుర్మానా అన్న అర్థమే. ఎంత కట్టాలో, ఎప్పటిలోపల కట్టాలో కింద రాయించొచ్చు. ఈ కాయితం ముందర పెడితే ఎదుటి పక్షం చాలాసార్లు సంతకం చేయదు. "గింత రాసుడెందుకు, తప్పైందని అంటున్న గదా" అంటారు. వాళ్ళు ఏ క్రియ కాడ ఆగిన్రో, ఆ క్రియను ఫిర్యాదుల పెద్ద అక్షరాలతో రాసుకోవాలె.